ఎక్కడ ఎర్రబడిందో ముందు చూడండి

చంటిబిడ్డ ఒంటి మీద ఎర్రటి మచ్చ కనబడితే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ‘వేడి చేసింది’. రెండో మాట ‘బాలింత ఏదో తినకూడనిది తిన్నది’. ఆ తర్వాత ఎవరో ఒకరు మందుల షాపుకు వెళ్లి, ‘పాపకు ఎర్రగా అయింది, ఏదైనా ఇవ్వండి’ అని ఒక ట్యూబు తెస్తారు. తల మీద పెచ్చుకైనా, బుగ్గ మీద గరుకుకైనా, పిర్రల మీద ఎరుపుకైనా అదే ట్యూబు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది కాబట్టి దానికి మంచి మందని పేరొస్తుంది. పక్కింటి బిడ్డకూ చేరుతుంది. ఆ ట్యూబు సంగతి కాస్త ఆగి చెబుతాను.

మొదటి ఏడాదిలో బిడ్డ చర్మం మీద ఎక్కువగా కనిపించేవి మూడు. తల మీద పెచ్చులు కట్టే క్రేడిల్ క్యాప్, దురదపెట్టే ఎగ్జిమా, లంగోటీ కట్టేచోట ఒరుసుకుని వచ్చే డైపర్ ర్యాష్. మూడూ ఎర్రగానే ఉంటాయి. కారణాలు మాత్రం వేరు, చేయాల్సిన పనీ వేరు. ఒకదానికి రాసిన నూనెను తప్పకుండా కడిగేయాలి, ఇంకోదానికి రాసిన క్రీమును కడగకుండా ఉంచాలి. ఒకచోట తడి ఆరనివ్వాలి, ఇంకోచోట తేమ ఎగిరిపోకుండా పట్టి ఉంచాలి. ఒకదాని వైద్యం ఇంకోదానికి చేస్తే ఉన్న జబ్బు ముదురుతుంది. మూడింటినీ విడదీయడానికి మామూలుగా ఏ రక్తపరీక్షా అక్కర్లేదు. ఎక్కడ వచ్చింది, చర్మపు మడతల్లో ఉందా లేదా, బిడ్డకు దురదగా ఉందా అన్నవి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఒక పాపను ఉదాహరణగా అనుకుందాం. సెప్టెంబరు చివర్లో ఖమ్మంలో అమ్మమ్మగారింట్లో పుట్టింది. మూడో నెల నిండాక తల్లితో హైదరాబాద్ వచ్చింది. మార్చికి ఆరో నెల. ఈ ఆరు నెలల్లోనే ఆ పాపకు మూడూ వచ్చాయి. అలా రావడం వింతేమీ కాదు.

మాడు మీద పెచ్చు

పుట్టిన మూడో వారంలో పాప తల మీద, ముఖ్యంగా మాడు చుట్టూ, పసుపచ్చని పెచ్చులు కట్టాయి. వేలితో తాకితే జిడ్డుగా, మందంగా ఉన్నాయి. అంచున కొంచెం లేచిన పెచ్చుకు సన్నటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. కనుబొమ్మల్లో, చెవుల వెనక కూడా పొట్టు ఉంది. మెడ కింద మడత విప్పి చూస్తే అక్కడ పెచ్చు లేదు గానీ చర్మం ఎర్రగా, తడి మెరుపుతో ఉంది. చంకల్లోనూ అంతే. పాపకు మాత్రం ఏమీ పట్టలేదు. కడుపునిండా పాలు తాగుతోంది, నిద్రపోతోంది, తల రుద్దుకోవడం లేదు.

ఇది క్రేడిల్ క్యాప్. జిడ్డు, మడతలు, దురద లేకపోవడం అనే మూడు గుర్తులూ ఇక్కడ కలిశాయి. కడుపులో ఉండగా తల్లి నుంచి చేరిన హార్మోన్ల ప్రభావం పుట్టాక కూడా కొన్నాళ్లు ఉంటుంది. దాంతో బిడ్డ చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేస్తాయి. మనందరి చర్మం మీదా ఉండే మలసీజియా అనే ఈస్టు ఆ నూనె మీద బతుకుతుంది. అది పెరిగినచోట చర్మం చిరాకుపడి పైపొర త్వరత్వరగా రాలుతుంది, రాలిన పొట్టు నూనెలో అతుక్కుపోయి పెచ్చవుతుంది. తల సరిగా కడగలేదని వచ్చింది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదు.

మన అలవాటు ఇక్కడే అడ్డొస్తుంది. మాడు పూడాలని రోజూ ఆముదం అద్దుతాం. మాడు దానంతటదే పూడుతుంది, చాలామందికి ఏడాది, ఏడాదిన్నర మధ్య. పెచ్చు చూసి అమ్మమ్మ ఇంకాస్త ఆముదం పెడుతుంది. పైగా మాడును గట్టిగా తాకకూడదన్న భయంతో అక్కడ సరిగా కడగరు. పాత నూనె మీద కొత్త నూనె చేరి, రాలాల్సిన పొట్టును అక్కడే పట్టి ఉంచుతుంది. పెచ్చులు నడినెత్తిన మందంగా కట్టడానికి ఇదీ ఒక కారణం. మాడు మీద చర్మం కింద గట్టి పొర ఉంటుంది. అరచేత్తో మెల్లగా రుద్ది కడిగితే లోపల ఏమీ కాదు.

నూనె వద్దని కాదు. దాని పని పెచ్చును నానబెట్టడం వరకే. స్నానానికి అరగంట ముందు, పెచ్చులున్నచోట మాత్రం, వాసన లేని బేబీ ఆయిలో పెట్రోలియం జెల్లీయో పల్చగా పట్టించండి. ఆలివ్ నూనె, ఆవనూనె వద్దు. ఆలివ్ నూనెలోని ఓలిక్ ఆమ్లం చర్మపు పైపొరను బలహీనపరుస్తుంది, ఆవనూనె మంటపుట్టిస్తుంది. అరగంట తర్వాత మెత్తటి కుచ్చుల బేబీ బ్రష్షుతో గానీ, పలచటి మెత్తటి గుడ్డతో గానీ గుండ్రంగా, బరువు పెట్టకుండా తిప్పండి. లేచి వచ్చిన పెచ్చే రావాలి. రానిదాన్ని మర్నాటికి వదిలేయాలి. తర్వాత బేబీ షాంపూతో తల రుద్ది, నూనె జిడ్డు మిగలకుండా కడగాలి. మొదటి వారం రోజూ చేసి, పలచబడ్డాక వారానికి రెండు మూడుసార్లు చేస్తే సరిపోతుంది. పెచ్చుతో పాటు నాలుగు వెంట్రుకలు ఊడితే కంగారుపడకండి, మళ్లీ వస్తాయి. గోటితో గీకితే మాత్రం కింద పచ్చిపుండు పడి చీము పడుతుంది. మెడ మడతలో కారిన పాలు, చెమట నిలవకుండా రోజుకు రెండుసార్లు తడిగుడ్డతో అద్ది ఆరబెట్టాలి.

కొన్ని వారాలు ఇలా చేసినా తగ్గకపోయినా, ఎరుపు ముఖం మీదికి పాకినా డాక్టరు కీటోకొనజోల్ షాంపూ గానీ, కొద్ది రోజులకు తక్కువ బలం ఉన్న హైడ్రోకార్టిసోన్ గానీ రాస్తారు. చాలామందికి ఏడాది నిండేలోపు పెచ్చు జాడ లేకుండా పోతుంది.

బుగ్గ మీద గరుకు

జనవరి. హైదరాబాద్ చలి, పొడిగాలి. ఖమ్మంలో మెత్తగా ఉన్న పాప చర్మం ఇక్కడికొచ్చాక గరుకెక్కింది. రెండు బుగ్గల మీదా పొక్కులు పొక్కులుగా లేచి, కొన్నిచోట్ల చితికి రసి కారింది. ముక్కు, నోటి చుట్టూ ఉన్న చర్మం మాత్రం బాగానే ఉంది. మోచేతుల బయటి వైపు, మోకాళ్ల మీద ఇసుక పోసినట్టు గరుకు. పాప రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేస్తోంది. ఎత్తుకుంటే తల్లి భుజానికేసి బుగ్గ రుద్దుతోంది. పడుకోబెడితే దుప్పటి మీద తల అటూ ఇటూ తిప్పుతోంది, ఒక పాదంతో రెండో కాలు రాసుకుంటోంది.

మూడు నెలల బిడ్డకు గోక్కోవడం చేతకాదు. ఆ రుద్దుకోవడమే దురదకు గుర్తు. దురద ఉంటే క్రేడిల్ క్యాప్ కంటే ముందు ఎగ్జిమాను అనుమానించాలి. ఇంకో గుర్తు డైపర్ కింద దొరుకుతుంది. డైపర్ విప్పి చూస్తే అక్కడ చర్మం నున్నగా, శుభ్రంగా ఉంది. ఎగ్జిమా పొడి చర్మపు జబ్బు. డైపర్ కింద ఎప్పుడూ తేమ ఉంటుంది, చేయి గానీ దుప్పటి గానీ అక్కడికి చేరదు. అందుకే ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న బిడ్డకు కూడా ఆ చోటు బాగుండటం పిల్లల డాక్టర్లకు తెలిసిన గుర్తు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, పొద్దున్నే ఆగని తుమ్ములు, చిన్నప్పటి చర్మపు దురద ఉంటే అనుమానం మరింత బలపడుతుంది.

మన చామనఛాయ చర్మంలో ఎరుపు సరిగా తెలియదు. ఎగ్జిమా మచ్చ ఊదాగానో, బూడిద రంగులోనో, చుట్టుపక్కల కంటే నల్లగానో ఉండవచ్చు. కాబట్టి రంగు కంటే వేలి కొసను నమ్మండి, గరుకు చేతికి ముందే తెలుస్తుంది.

చర్మపు పైపొర ఇటుకల గోడలాంటిది. కణాలు ఇటుకలైతే వాటి మధ్య కొవ్వు పదార్థం సున్నం. ఎగ్జిమా ఉన్న బిడ్డల్లో ఈ గోడ పుట్టుకతోనే బలహీనం. గోడ గట్టిగా ఉండటానికి ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువులో లోపానికీ ఎగ్జిమాకూ ఉన్న సంబంధాన్ని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, వారి సహచరులు చూపించారు. ఎగ్జిమా ఉన్న ప్రతి బిడ్డలోనూ ఈ లోపం ఉండదు గానీ, గోడ బలహీనం కావడం మాత్రం అందరిలోనూ కనిపిస్తుంది. లోపలి నీరు బయటికి పోతుంది, బయటి సబ్బు, దుమ్ము, క్రిములు లోపలికి వెళ్తాయి. చర్మం వాచి దురద పెడుతుంది, రుద్దుకుంటే గోడ ఇంకాస్త విరుగుతుంది.

ఇది తెలిస్తే ఏం మానాలో తెలిసిపోతుంది. సున్నిపిండితో నలుగు పెట్టడం ఈ బిడ్డకు ఆపేయాలి. నూగు పోతుందని రుద్దే ఆ పిండి ఎగ్జిమా చర్మాన్ని గీరేస్తుంది. పొగలు కక్కే నీళ్లు, చివర్లో సాంబ్రాణి పొగ కూడా వద్దు. పొగ చర్మాన్నీ, ఊపిరితిత్తులనూ చిరాకు పెడుతుంది. కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసే పద్ధతితో పేచీ లేదు. గోరువెచ్చని నీళ్లు, అయిదు నుంచి పది నిమిషాలు, నురగ ఎక్కువ రాని వాసన లేని బేబీ వాష్ అవసరమైనచోట మాత్రమే.

అసలు వైద్యం స్నానం అయిన మరుక్షణం మొదలవుతుంది. తువ్వాలుతో తుడవకుండా అద్ది, చర్మం ఇంకా కాస్త తడిగా ఉండగానే, అంటే మూడు నిమిషాల్లోపు, వాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్ ఒళ్లంతా పట్టించాలి. మళ్లీ సాయంత్రం ఒకసారి, చలికాలంలో మధ్యలో ఇంకోసారి. మన ఇళ్లలో జరిగే పొరపాటు పరిమాణంలోనే. వేలి కొసన బొట్టంత తీసి బుగ్గకు రాస్తారు. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న చంటిబిడ్డకు వారానికి సుమారు 100 గ్రాములు పడుతుంది. నెలకు ఒక చిన్న ట్యూబు సరిపోతోందంటే మీరు చాలా తక్కువ రాస్తున్నారని అర్థం. ఖరీదైన సీసాను పొదుపుగా రాయడం కంటే, అందుబాటు ధరలో ఉన్న పెట్రోలియం జెల్లీని ధారాళంగా రాయడం మేలు.

వాపు, రసి ఉన్న మచ్చలకు మాయిశ్చరైజర్ ఒక్కటే చాలదు. డాక్టరు తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్ క్రీము, సాధారణంగా ఒక శాతం హైడ్రోకార్టిసోన్, కొన్ని రోజులకు రాస్తారు. స్టెరాయిడ్ అన్న మాట విని దాన్ని అలమరలో దాచేసే తల్లిదండ్రులు ఉన్నారు. సరైన బలం, సరైన చోటు, సరైన రోజులు అయితే అది బిడ్డకు నిద్రనిస్తుంది. కొలత కూడా సులువు. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే అర గ్రాము. వేళ్లతో సహా రెండు పెద్ద అరచేతులంత చోటుకు అది సరిపోతుంది. డాక్టరు చెప్పిన మచ్చల మీదే రాయాలి, ఒళ్లంతా కాదు.

తగ్గాక ఇంకో భయం పట్టుకుంటుంది. మచ్చలున్నచోట తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది, బొల్లి అనుకుని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అది వాపు తగ్గాక రంగు కొంతకాలం వెలిసిపోవడం మాత్రమే. ఎగ్జిమా అదుపులో ఉంటే కొన్ని నెలల్లో రంగు కలిసిపోతుంది.

ఇక పథ్యం. బుగ్గ మీద మచ్చ రాగానే తల్లికి గుడ్డు, చేప, పప్పు మాన్పించి చారన్నం మీద పెడతారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఎగ్జిమా తల్లిపాల వల్ల రాదు. పాలిచ్చే తల్లి తిండి తగ్గిస్తే ఆమె నీరసించడం తప్ప చాలా సందర్భాల్లో ఒరిగేదేమీ లేదు. కొద్దిమంది బిడ్డలకు ఆహారపు అలర్జీ కూడా ఉంటుంది. ఏదైనా తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపించినా, సరిగా వైద్యం చేస్తున్నా ఎగ్జిమా తీవ్రంగానే ఉన్నా ఆ సంగతి డాక్టరు తేల్చాలి. ఊహ మీద పథ్యం పెట్టకూడదు.

గజ్జల్లో ఎరుపు

మార్చిలో పాపకు దగ్గు వచ్చింది, యాంటీబయాటిక్ వాడారు. దాంతో విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకు ఆరేడుసార్లు. రెండో రోజుకి పిర్రలు, పొత్తికడుపు కింది భాగం, తొడల లోపలి వైపు ఎర్రగా కందిపోయాయి. తుడిస్తే కేకపెట్టి ఏడుస్తోంది.

పాపను కిటికీ వెలుగులో పడుకోబెట్టి, రెండు వేళ్లతో గజ్జ మడతను మెల్లగా విప్పి చూడాలి. రోగనిర్ధారణ అక్కడే ఉంది. మడత లోపల చర్మం మామూలు రంగులో ఉండి, డైపర్ తగిలే ఉబ్బెత్తు భాగాలే ఎర్రబడితే అది ఒరుపు వల్ల వచ్చిన మామూలు డైపర్ ర్యాష్. తడిసి మెత్తబడిన చర్మం మీద డైపర్ రాసుకుంటుంది. మూత్రం, మలం కలిసినప్పుడు మలంలోని బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను అమోనియాగా మారుస్తుంది, చర్మం మీద క్షారగుణం పెరుగుతుంది. ఆ స్థితిలో మలంలోని జీర్ణరసాలు చురుకెక్కి చర్మాన్నే తింటాయి. విరేచనాలప్పుడు ఈ రసాలు ఇంకా ఎక్కువ. మలం తగిలిన కొద్దిసేపటికే ఎర్రబడటం అందుకే.

కాబట్టి చేయాల్సింది తడిని తగ్గించడం, తగలకుండా అడ్డుకట్ట వేయడం. మలం అయిన వెంటనే, మూత్రానికైతే రెండు మూడు గంటలకోసారి డైపర్ మార్చాలి. వాసన వచ్చే వెట్ వైప్స్ పక్కన పెట్టి, గోరువెచ్చని నీళ్లూ దూదీ వాడండి. రుద్దకుండా అద్ది ఆరబెట్టి, పది నిమిషాలు గాలికి వదిలేయండి. తర్వాత జింక్ ఆక్సైడ్ క్రీము కింది చర్మం కనబడనంత మందంగా పూయాలి. మళ్లీ మార్చేటప్పుడు మలం అంటిన పైపొరను మాత్రమే తీయాలి. శుభ్రంగా ఉన్న క్రీమును గీకి తీసి కొత్తది పూస్తే ఆ గీకడమే ఇంకో గాయం. టాల్కం పౌడరు వద్దు. తడిలో ఉండకట్టి రాసుకుంటుంది, ఎగిరి బిడ్డ ఊపిరిలోకీ పోతుంది. గుడ్డ లంగోటీలు వాడేవాళ్లు సబ్బు మిగలకుండా జాడించి ఎండలో ఆరేస్తే చాలు, కానీ తడిసిన గుడ్డను ఆ క్షణమే మార్చాలి. మామూలు ఒరుపు రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది.

మన పాపకు తగ్గలేదు. నాలుగో రోజు మడత విప్పితే లోపలంతా పచ్చిమాంసం రంగు, అంచున సన్నటి పొట్టు. ఆ అంచు దాటి, దూరంగా, ఆవగింజంత ఎర్రటి చుక్కలు విడివిడిగా ఉన్నాయి. ఇది క్యాండిడా అనే ఈస్టు. తడిసి దెబ్బతిన్న చర్మం దానికి అనువైన చోటు, పైగా యాంటీబయాటిక్ దానికి పోటీగా ఉండే బ్యాక్టీరియాను చంపేసింది. ఇలాంటప్పుడు బిడ్డ నోరూ చూడాలి. నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి పూత ఉంటే నోటికీ మందు కావాలి. డాక్టరు సలహాతో క్లోట్రిమజోల్ వంటి క్రీము పల్చగా రాసి, అది ఇంకాక పైన జింక్ పూయాలి. కంటికి తగ్గినట్టు కనిపించాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు ఆపకూడదు.

ఇప్పుడు ఆ ట్యూబు సంగతి. షాపులో అడగగానే చేతికొచ్చే వాటిలో చాలావరకు మూడు నాలుగు మందుల మిశ్రమాలు. ఒక ఈస్టు మందు, ఒక యాంటీబయాటిక్, ఒక బలమైన స్టెరాయిడ్. వెనకవైపు సన్నటి అక్షరాల్లో క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మోమెటాసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చదవండి. క్లోబెటాసోల్ చర్మానికి వాడే స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన తరగతిది. స్టెరాయిడ్ వాపును అణచడం వల్ల ఎరుపు రెండు రోజుల్లో పోతుంది. రాయడం ఆపగానే తిరిగి వస్తుంది, ఒక్కోసారి లోలోపల ఈస్టు ఇంకా పెరిగి ఉంటుంది. చంటిబిడ్డ చర్మం పలచన, పైగా డైపర్ మూసి ఉంచడంతో మందు రక్తంలోకి ఎక్కువగా ఇంకుతుంది. వారాలకు వారాలు రాస్తే గజ్జల్లో చర్మం కాగితంలా పలచబడి చారలు పడతాయి. ముఖం గుండ్రంగా ఉబ్బి, బిడ్డ బొద్దుగా అయిందని ఇంట్లో సంతోషిస్తుండగా ఎదుగుదల ఆగిపోతుంది, శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారుచేయడం మానేస్తుంది. అలాంటి ట్యూబు ఇప్పటికే చాలా రోజులుగా రాస్తూ ఉంటే, సొంతంగా ఒక్కసారిగా ఆపకుండా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించి చెప్పండి.

ఈ మూడింటిలో ఇమడనివీ ఉన్నాయి. అరచేతుల్లో, అరికాళ్లలో, చంకల్లో పొక్కులు లేచి, ఇంట్లో మిగతావాళ్లూ రాత్రిళ్లు గోక్కుంటుంటే అది గజ్జి. బిడ్డ ఒక్కదానికి కాదు, ఇంటిల్లిపాదికీ ఒకేసారి వైద్యం చేయాలి. డైపర్ చోటుతో పాటు నోటి చుట్టూ, చేతులకూ కాళ్లకూ పెచ్చులు కట్టి, విరేచనాలు ఆగక, జుట్టు రాలుతుంటే జింక్ లోపం కావచ్చు, అది పూతలతో తగ్గదు. జ్వరం, చీము, తేనె రంగు పెచ్చులు, ఎగ్జిమా మీద ఒక్కసారిగా గుంపుగా లేచిన నీటిపొక్కులు, నెలలోపు బిడ్డకు ఏ బొబ్బ అయినా సరే, పాలు తాగకపోవడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు దగ్గరకు వెళ్లే రోజు పొద్దున మచ్చల మీద ఏమీ రాయకండి, పసుపు కూడా. మొదటి రోజు ఎలా ఉందో ఫోన్లో ఫొటో తీసి ఉంటే చూపించండి, వెళ్లేసరికి రూపు మారిపోయి ఉంటుంది. ఇంతవరకు రాసినవన్నీ, ఖాళీ ట్యూబులతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.